మూడుసార్లు సర్వీసుకిచ్చినా అదే రోగం: షోరూముకి ఫిర్యాదు లేఖ రాసే పద్ధతి

రోజూ గుంటూరు నుంచి విజయవాడ వెళ్లి వచ్చే బండి నాది. 2024 జూలైలో కొన్న 150 సిసి బైకు, ఫ్యూయల్ ఇంజెక్షన్‌ది. వారంటీ 2 ఏళ్లు లేదా 30,000 కిలోమీటర్లు, ఏది ముందొస్తే అది. మార్చి నుంచి దానికొక జబ్బు పట్టుకుంది. మంగళగిరి దాటి తాడేపల్లి దాకా గుర్రంలా వస్తుంది. తీరా కనకదుర్గ వారధి మీద ట్రాఫిక్‌లో నెమ్మదించగానే టప్‌మని ఆగిపోతుంది. సెల్ఫ్ కొడితే ఇంజిన్ గట్టిగానే తిరుగుతుంది కానీ అందుకోదు. వెనక బస్సు హారన్ కొడుతుంటే బండిని పక్కకి తోసుకుని, రెయిలింగ్ దగ్గర పావుగంట నిలబడాలి. ఆ తర్వాత ఒక్క నొక్కుకే స్టార్ట్ అవుతుంది, అసలేమీ జరగనట్టు.

మూడుసార్లు షోరూములో ఇచ్చాను. మూడుసార్లూ "అయిపోయింది సార్, ట్రయల్ కూడా చూశాం" అన్నారు. నాలుగోసారి బండి ఇవ్వలేదు, లేఖ ఇచ్చాను. ఆ లేఖ ఎలా తయారైందో, ఏం రాస్తే పనిచేసిందో, రాయాలనిపించినా ఏం రాయకూడదో ఇక్కడ చెబుతాను.

లేఖ కంటే ముందు: జాబ్ కార్డులు పక్కపక్కన పెట్టి చదవండి

షోరూముకి మీ కోపం లెక్కలోది కాదు, కాగితం లెక్కలోది. ఆ కాగితమే జాబ్ కార్డు. బండి ఇచ్చేటప్పుడు సర్వీస్ అడ్వైజర్ మీరు చెప్పింది విని కంప్యూటర్లో కొడతాడు. చిక్కంతా అక్కడే ఉంది. మీరు చెప్పేది ఒకటి, అతను కొట్టేది ఇంకొకటి. నేను మొదటిసారి ఇచ్చినప్పుడు "నలభై నిమిషాలు నడిపాక, వేడి మీద, స్లో ట్రాఫిక్‌లో ఆఫ్ అవుతోంది, పావుగంట దాకా స్టార్ట్ అవ్వదు" అని చెప్పాను. జాబ్ కార్డులో ఉన్నది రెండే ముక్కలు: "స్టార్టింగ్ ప్రాబ్లం". రెండోసారి "మిస్సింగ్, జనరల్ చెకప్". మూడోసారి "బండి ఆఫ్ అవుతోంది".

ఈ మూడూ చూసిన కంపెనీవాడికి మూడు వేరువేరు ఫిర్యాదులు కనిపిస్తాయి. ఒకే లోపం మళ్లీ మళ్లీ వచ్చిందన్న సంగతి ఎక్కడా ఉండదు. మెకానిక్‌కీ అంతే. "స్టార్టింగ్ ప్రాబ్లం" అని చూడగానే అతను పొద్దున్నే చల్లటి బండిని స్టార్ట్ చేస్తాడు. అది పడుతుంది. ప్లగ్ మార్చి పంపించేస్తాడు. అతని తప్పేమీ లేదు, కాగితంలో ఉన్న పని చేశాడు.

కాబట్టి ఇప్పటిదాకా ఇచ్చిన జాబ్ కార్డులు, బిల్లులు అన్నీ తీయండి. పోతే షోరూములో అడగండి, బండి నంబరు కొడితే పాతవన్నీ వాళ్ల సిస్టంలో వస్తాయి. ఇకపై బండి ఇచ్చిన ప్రతిసారీ కార్డులో మీ మాట మీరు చెప్పినట్టే కొట్టించి, చదివి, అప్పుడే సంతకం పెట్టండి. అడ్వైజర్ విసుక్కుంటే "సార్, కస్టమర్ చెప్పిన మాట అనే గడి నాదేగా" అనండి, కొడతాడు.

సంతకం అన్నాను కాబట్టి ఇంకో మాట. బండి తీసుకునేటప్పుడు "పని తృప్తికరంగా ఉంది" అన్న చోట సంతకం పెట్టమంటారు. అప్పటికి మీరు బండి పది అడుగులు కూడా నడిపి ఉండరు. సంతకం పక్కనే "నడిపి చూశాక చెబుతాను" అని రాయండి. మరుసటి రోజు కంపెనీ నుంచి ఫోన్ వస్తుంది. అంతకుముందే అడ్వైజర్ "అన్నా, పదికి పది ఇవ్వండి, లేకపోతే మా జీతాల మీద పడుతుంది" అని బతిమాలి ఉంటాడు. నేను రెండుసార్లు మొహమాటపడి పదికి పది ఇచ్చాను. తర్వాత వర్క్స్ మేనేజర్ నా ముందే స్క్రీన్ తిప్పి చూపించాడు: "మీరే బాగుందన్నారు కదండీ."

లోపాన్ని కనిపించినట్టు రాయండి, కారణం చెప్పకండి

ఈపాటికి మీకు పది సలహాలు అందే ఉంటాయి. ఆఫీసులో ఒకరు ఫ్యూయల్ పంప్ అంటారు, బంధువు ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్, అదే ఈసీయూ, అంటాడు. లేఖలో "ఈసీయూ పోయింది, మార్చండి" అని రాశారనుకోండి. వాళ్లు ఈసీయూ పరీక్షించి "బాగానే ఉంది" అని రాసిస్తారు. మీ ఫిర్యాదుకి జవాబు వచ్చేసినట్టే, లోపం మాత్రం అలాగే ఉంటుంది. ఏం జరుగుతోందో మీరు చెప్పండి, ఎందుకు జరుగుతోందో వాళ్లని చెప్పనివ్వండి.

అందుకు బండి ఆగిన చోటే నాలుగు విషయాలు గమనించాలి. సెల్ఫ్ కొడితే ఇంజిన్ జోరుగా తిరుగుతోందా, ఈడుస్తోందా? జోరుగా తిరిగితే బ్యాటరీ మీద అనుమానం తగ్గుతుంది. తాళం ఆన్ చేయగానే ట్యాంకు కింద నుంచి రెండు మూడు సెకన్లు "జ్‌జ్‌" మని పంప్ శబ్దం వస్తోందా? వస్తే పంప్‌కి కనీసం కరెంటు అందుతున్నట్టు. మీటరులో ఇంజిన్ లైటు వెలిగిందా? చివరిది, ఎంతసేపు ఆగాక స్టార్ట్ అయింది? నా బండిలో సెల్ఫ్ జోరుగా తిరిగేది, పంప్ మోగేది, లైటు వెలిగేది కాదు, 15 నుంచి 20 నిమిషాలకి స్టార్ట్ అయ్యేది. ఇవన్నీ ఒక నిమిషం వీడియోలో వచ్చేస్తాయి. వీడియో మొదలెట్టగానే ఓడోమీటరు, ఆ తర్వాత తాళం, ఆ తర్వాత సెల్ఫ్, ఈ వరసలో తీయండి. నిలబెట్టి గట్టిగా మాట్లాడితే పంప్ శబ్దం వినపడదు, నోరు మూసుకుని తీయాలి. నా మొదటి వీడియో అలాగే పాడైంది.

ఇంకొకటి కూడా ముందే మూసేయండి. "పెట్రోల్ కల్తీ సార్, బంకు మార్చండి" అనేది షోరూముల్లో సిద్ధంగా ఉండే జవాబు. నేను మధ్యలో రెండు వేరు బంకుల్లో పోయించి రసీదులు దాచాను. లేఖలో ఆ సంగతికి ఒక్క వాక్యం సరిపోయింది.

మీ వైపు లొసుగు ఉందేమో చూసుకోండి

వారంటీ కాదనడానికి మామూలుగా మూడు దారులు ఉంటాయి: ఫ్రీ సర్వీసు గడువులో చేయించలేదని, బయట మెకానిక్ విప్పాడని, వైరింగ్‌కి అదనంగా ఏదో తగిలించారని. మూడోది చాలామంది మరిచిపోతారు. నా బండికి నేను బయట ఫాగ్ లైట్లు పెట్టించాను. కరెంటుకి సంబంధించిన లోపం అని తేలితే వాళ్లు మొదట పట్టుకునేది వాటినే. అందుకే మూడో సర్వీసు తర్వాత వాటిని తీయించి, వారం నడిపాను. బండి మళ్లీ ఆగింది. ఆ విషయం దాచకుండా లేఖలోనే రాశాను. దాచితే వాళ్లు వైరు ముక్క చూసి కనిపెడతారు, ఆ తర్వాత మీరు చెప్పే నిజాలకి కూడా విలువ ఉండదు.

ఎవరికి రాయాలి

సర్వీస్ అడ్వైజర్‌కి కాదు. షోరూము యజమానికి, వర్క్స్ మేనేజర్‌కి కలిపి రాయండి. నకలు బండి తయారుచేసిన కంపెనీ కస్టమర్ కేర్‌కి పంపండి. ఈమెయిల్ ఓనర్స్ మాన్యువల్ చివరి పేజీల్లోనో, వారంటీ పుస్తకంలోనో ఉంటుంది. ఎందుకు ఇద్దరికీ అంటే, వారంటీ మాట ఇచ్చింది కంపెనీ, చేతులతో పని చేసింది షోరూము. ఒక్కరికే రాస్తే ఒకరు ఇంకొకరి వైపు వేలు చూపిస్తారు. లేఖ తెలుగులో రాయొచ్చు. కంపెనీ ఆఫీసు వేరే రాష్ట్రంలో ఉంటే మాత్రం పక్కనే ఒక ఇంగ్లీషు నకలు పెట్టడం మేలు, అక్కడ తెలుగు చదివేవాళ్లు ఉంటారన్న నమ్మకం లేదు.

ఏం అడగాలి

"కొత్త బండి ఇవ్వండి" అని మొదటి లేఖలోనే రాయాలని చెయ్యి లాగుతుంది. ఆపుకోండి. 2006లో ఒక కారు కేసులో సుప్రీంకోర్టు, వారంటీ షరతు లోపమున్న భాగాన్ని మార్చడం లేదా బాగుచేయడం వరకే ఉంటే, బండి మొత్తం మార్చమని తయారీదారుని ఆదేశించలేమని చెప్పింది. మీ వారంటీ పుస్తకంలోనూ దాదాపు అదే మాట ఉంటుంది. ఇవ్వలేనిది అడిగితే వాళ్లకి "కుదరదండీ" అని ఒక్క లైనుతో ముగించే వీలు దొరుకుతుంది. ఇవ్వక తప్పనిది అడగాలి.

నేను అడిగినవి నాలుగు. మొదటిది, బండిని వేడి మీద పరీక్షించమని. అసలు కీలకం ఇదే. వర్క్‌షాపులో లోపం దొరకకపోవడానికి కారణం బండి అక్కడికి చల్లగా చేరడం, ట్రయల్ రెండు కిలోమీటర్లతో ముగియడం. నలభై నిమిషాల తర్వాత వచ్చే లోపం రెండు కిలోమీటర్లలో ఎలా కనిపిస్తుంది? రెండోది, కంపెనీ సర్వీస్ ఇంజినీరు చూడాలని. మూడోది, లోపమున్న భాగం వారంటీ కింద ఉచితంగా మార్చి, కారణం జాబ్ కార్డులో రాయాలని. నాలుగోది, లోపం పోని రెండు సర్వీసులకి వసూలు చేసిన 760 రూపాయలు వెనక్కి ఇవ్వాలని.

గడువు 15 రోజులు పెట్టాను. "వెంటనే" అని రాయకండి, వెంటనే అంటే ఎప్పుడో ఎవరికీ తెలియదు.

లేఖ

> తేదీ: 19-04-2025
>
> డీలర్ గారికి, వర్క్స్ మేనేజర్ గారికి,
> (షోరూము పేరు, చిరునామా)
> నకలు: కంపెనీ కస్టమర్ కేర్ విభాగానికి
>
> విషయం: వారంటీలో ఉన్న బండి మూడు సర్వీసుల తర్వాత కూడా అదే లోపంతో ఆగిపోవడం గురించి. బండి నంబరు ……, ఛాసిస్ నంబరు ……, కొన్న తేదీ ……, నేటి రీడింగ్ 16,240 కి.మీ.
>
> అయ్యా,
>
> పై బండి మీ దగ్గర కొన్నాను. వారంటీ 2026 జూలై వరకు లేదా 30,000 కి.మీ. వరకు ఉంది. ఫ్రీ సర్వీసులన్నీ గడువులో మీ దగ్గరే చేయించాను.
>
> లోపం ఇది: సుమారు 40 నిమిషాలు నడిపాక, నెమ్మదిగా కదిలే ట్రాఫిక్‌లో ఇంజిన్ హఠాత్తుగా ఆగిపోతుంది. సెల్ఫ్ కొడితే ఇంజిన్ జోరుగా తిరుగుతుంది కానీ స్టార్ట్ అవ్వదు. తాళం ఆన్ చేస్తే పంప్ శబ్దం వస్తుంది. ఇంజిన్ లైటు వెలగదు. 15–20 నిమిషాలు చల్లారాక మామూలుగా స్టార్ట్ అవుతుంది. చల్లటి బండిలో ఈ లోపం ఎప్పుడూ రాలేదు.
>
> ఇదే లోపానికి మీ దగ్గర జరిగిన పని:
>
> 04-03-2025, 14,120 కి.మీ.: ప్లగ్ మార్చారు, 310 రూపాయలు తీసుకున్నారు. 440 కి.మీ. నడిచాక మళ్లీ ఆగింది.
>
> 17-03-2025, 14,730 కి.మీ.: థ్రాటిల్ బాడీ శుభ్రం చేశారు, 450 రూపాయలు తీసుకున్నారు. 750 కి.మీ. తర్వాత మళ్లీ ఆగింది.
>
> 05-04-2025, 15,610 కి.మీ.: ఫ్యూయల్ పంప్ వారంటీ కింద మార్చారు. 180 కి.మీ. తర్వాత, ఏప్రిల్ 10న, మళ్లీ ఆగింది. 15, 16 తేదీల్లో కూడా ఆగింది.
>
> మూడుసార్లూ నేను చెప్పింది పై లోపమే. జాబ్ కార్డుల్లో అది "స్టార్టింగ్ ప్రాబ్లం", "మిస్సింగ్, జనరల్ చెకప్", "బండి ఆఫ్ అవుతోంది" అని వేరువేరుగా నమోదైంది. మూడింటినీ ఒకే ఫిర్యాదుగా తీసుకోమని కోరుతున్నాను.
>
> బండికి బయట పెట్టించిన ఫాగ్ లైట్లను ఏప్రిల్ 8న తీయించాను. ఆ తర్వాత కూడా లోపం వచ్చింది. రెండు వేరు బంకుల పెట్రోలుతో కూడా వచ్చింది.
>
> ఈ నెల 15న బండి ఆగింది వారధి మీద, వెనక భారీ వాహనాలు వస్తుండగా. ఇది నా ప్రాణానికి సంబంధించిన విషయం కాబట్టి కోరుతున్నవి:
>
> 1. మీ మెకానిక్ నాతోపాటు కనీసం 45 నిమిషాలు బండి నడిపి, లోపం వచ్చిన క్షణంలో, వేడి మీదే పరీక్షించాలి.
> 2. కంపెనీ సర్వీస్ ఇంజినీరు బండిని చూడాలి.
> 3. కారణమైన భాగాన్ని వారంటీ కింద ఉచితంగా మార్చి, కారణాన్ని, మార్చిన భాగాన్ని జాబ్ కార్డులో రాయాలి.
> 4. లోపం పోని రెండు సర్వీసులకి తీసుకున్న 760 రూపాయలు తిరిగివ్వాలి.
>
> ఈ లేఖ అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలరు. లేనిపక్షంలో వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద ఫిర్యాదు చేయవలసి ఉంటుంది.
>
> జతచేసినవి: మూడు జాబ్ కార్డులు, రెండు బిల్లులు, పెట్రోలు రసీదులు, ఏప్రిల్ 10, 15 తేదీల వీడియోలు (ఈమెయిల్‌లో).
>
> ఇట్లు,
> (పేరు, చిరునామా, ఫోన్, సంతకం)

సర్వీసుల వరసలో ప్రతి లైను చివర "ఇన్ని కి.మీ. తర్వాత మళ్లీ ఆగింది" అన్న ముక్క చూడండి. లేఖ మొత్తానికి బరువు అక్కడే ఉంది. తేదీలు, చేసిన పని వాళ్ల సిస్టంలోనే ఉన్నాయి. చేసిన పని ఎన్నాళ్లు నిలబడిందో మాత్రం మీరు చెబితేనే తెలుస్తుంది. 440, 750, 180 అని పక్కపక్కన కనిపిస్తే, మూడు మరమ్మతుల్లో ఒక్కటీ అసలు జబ్బుని తాకలేదని వేరే చెప్పక్కర్లేదు.

నేను మొదట రాసిన ప్రతిలో "మీ నిర్లక్ష్యం", "కస్టమర్లని మోసం" లాంటివి చాలా ఉన్నాయి. మా బావ చదివి, ఒక్కొక్కటీ కొట్టేస్తూ "దీనికి రుజువుందా?" అని అడిగాడు. లేదు. మోసం అనే మాట రాస్తే వాళ్లు లోపం సంగతి వదిలేసి ఆ మాటకి జవాబు రాస్తారు.

పంపడం, ఆ తర్వాత

లేఖ చేతికిచ్చి, రెండో కాపీ మీద షోరూము ముద్ర, తేదీ, సంతకం తీసుకోండి. ముద్ర వేయనంటే స్పీడ్ పోస్ట్ చేయండి. రసీదుతో పాటు, అందినట్టు చూపించే ట్రాకింగ్ పేజీని కూడా ప్రింట్ తీసి దాచండి. అదే రోజు ఈమెయిల్ కూడా పంపండి.

ఒకటి రెండు రోజుల్లో ఫోన్ వస్తుంది, రాతలో కాదు. "బండి పంపించండి సార్, చూసేద్దాం." సరేననండి, కానీ ఫోన్ పెట్టేశాక ఒక మెసేజ్ పెట్టండి: "ఇప్పుడు మీరు ఫోన్‌లో చెప్పినట్టు సోమవారం 9 గంటలకి బండి తెస్తాను, మీ మెకానిక్ నాతో 45 నిమిషాలు నడుపుతారు." ఫోన్ మాట అలా కాగితం మీదికి వస్తుంది.

జవాబే రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. వాళ్లు మీ ఫిర్యాదుని కంపెనీకి పంపి జవాబు తెప్పించే ప్రయత్నం చేస్తారు. ఆదేశాలిచ్చే అధికారం వాళ్లకి లేదు. అది జిల్లా వినియోగదారుల కమిషన్‌కి ఉంది. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే ఊరి జిల్లాలోనే అక్కడ ఫిర్యాదు వేయొచ్చు, షోరూము ఎక్కడున్నా సరే. చెల్లించిన వెల 5 లక్షల రూపాయల లోపైతే రుసుము లేదు. వకీలు తప్పనిసరి కాదు. వివాదానికి కారణం పుట్టిన నాటి నుంచి 2 ఏళ్లలోపు వేయాలి. షోరూముని, కంపెనీని ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. అయితే ఒక ఇబ్బంది ఉంది. తయారీలోనే లోపం ఉందని చెబితే నిరూపించే భారం మామూలుగా మీ మీదే పడుతుంది, నిపుణుడి నివేదిక అడిగే అవకాశం ఎక్కువ. పరీక్షిస్తే తప్ప తేలని లోపమైతే కమిషనే ల్యాబ్‌కి పంపించగలదు. ఒకే లోపం మీద మూడు జాబ్ కార్డులు ఉన్నవాడికి, సరైన సర్వీసు అందలేదని చూపించడం అంతకంటే తేలిక. అప్పుడు కూడా అక్కరకొచ్చేది ఈ లేఖే.

నాకు అంత దూరం వెళ్లాల్సి రాలేదు. 28న పొద్దున మెకానిక్ కుర్రాడు వెనక కూర్చున్నాడు, చేతిలో చిన్న మీటరు. మంగళగిరి దాకా వెళ్లి వెనక్కి తిరిగి, కావాలనే బెంజ్ సర్కిల్ రద్దీలోకి తీసుకొచ్చాను. 52వ నిమిషంలో ఆగింది. అంతకుముందు ఎప్పుడూ నా బండి ఆగిపోతే నేను సంతోషపడలేదు. కుర్రాడు అక్కడే ప్లగ్ తీసి చూస్తే స్పార్క్ లేదు. క్రాంక్ సెన్సార్ తీగల దగ్గర మీటరు పెడితే సూది కదల్లేదు. ఇంజిన్ తిరుగుతోందన్న సంగతి ఈసీయూకి చెప్పేది ఆ సెన్సారే. అది మూగబోతే స్పార్క్ ఎప్పుడివ్వాలో దానికి తెలియదు. ఇరవై నిమిషాల తర్వాత మళ్లీ మీటరు పెట్టాడు, రీడింగ్ మామూలుగా వచ్చింది. వేడెక్కితే లోపలి తీగ విడిపోతోంది, చల్లారితే అతుక్కుంటోంది. చల్లటి బండిని ఎన్నిసార్లు చూసినా దొరికేది కాదు.

సెన్సారు వారంటీ కింద మే 3న వచ్చింది. జాబ్ కార్డులో ఈసారి రాసింది ఇది: "వేడి మీద క్రాంక్ సెన్సార్ ఓపెన్, మార్చాం, 45 నిమిషాల ట్రయల్ సరే." 760 రూపాయలు నగదు ఇవ్వలేమన్నారు, తర్వాతి పెయిడ్ సర్వీసు బిల్లులో తగ్గిస్తామన్నారు. అదీ రాయించుకున్నాను. సంతకం పెట్టమన్న చోట "నడిపి చూశాక చెబుతాను" అని రాసి, రెండు వేల కిలోమీటర్లు తిరిగాక "బాగుంది" అని ఈమెయిల్ పెట్టాను.

కంపెనీ ఫోన్ వచ్చినప్పుడు ఆ కుర్రాడి పేరు చెప్పి పదికి పది ఇచ్చాను.